తేదీ లేని క్లిప్పింగులు: పాత పత్రికల ఫొటోలకు కేటలాగు రాసిన అనుభవం

ఒక పెద్దాయన జీవితకాలం కత్తిరించి దాచుకున్న పత్రికల క్లిప్పింగులు ఆయన తదనంతరం ఒక చిన్న గ్రంథాలయానికి చేరాయి. నా చేతికి వచ్చేసరికే ఎవరో వాటిని ఫోనుతో ఫొటోలు తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టారు. ఆ ఫొటోలను కేటలాగు పద్దులుగా మార్చడం నా పని. ఒక్కో క్లిప్పింగుకు ప్రచురణ తేదీ, శీర్షిక, అంశం, ఒక్క వాక్యంలో సారాంశం రాయాలి. శీర్షిక కళ్లెదురుగానే ఉంటుంది. సారాంశం, వార్త చదివితే వస్తుంది. మనల్ని కుర్చీకి కట్టేసేది తేదీ. క్లిప్పింగు దాచుకునే మనిషికి కావలసింది వార్త. పేజీ నెత్తిన ఉండే తేదీ పట్టీ ఆయన కత్తెరకు అడ్డం, అందుకని అదే ముందు పోతుంది.

నాకిచ్చిన ఎక్సెల్ పట్టికలో తేదీ గడి అప్పటికే నిండి ఉండటం చూసి మొదట సంతోషించాను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. క్లిప్పింగులన్నీ ఒకే నెలలో, అదీ ఇటీవలి సంవత్సరంలో అచ్చయినట్టు ఉన్నాయి. ఫొటో ఫైలులో ఫోను తనంతట తాను రాసుకునే తేదీ ఒకటి ఉంటుంది. ఫొటో ఎప్పుడు తీశారో చెప్పేది అది. ఫైళ్లను ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్ దాన్నే తెచ్చి వస్తువు తేదీగా పెట్టేసింది. ఆ గడిని పూర్తిగా ఖాళీ చేసి, ఫొటో తేదీకి వేరే గడి కేటాయించాను. ఇలాంటి పని చేపట్టేవాళ్లు ముందుగా చూసుకోవలసింది ఇదే. ఖాళీ గడిని చూస్తే ఎవరైనా నింపుతారు, తప్పుతో నిండిన గడి జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు.

తరువాత నంబర్లు. ఆయన క్లిప్పింగులను పాత లెక్కల పుస్తకాల్లో అతికించారు. ఒక పేజీ ఫొటోలో నాలుగైదు క్లిప్పింగులు కనిపిస్తాయి. ఇంకోచోట ఒకే పెద్ద వార్త మూడు ఫొటోల్లో విడివిడిగా ఉంటుంది. కాబట్టి ఫొటోకు ఒక పద్దు అనే లెక్క కుదరదు. నంబరు క్లిప్పింగుది, ఫొటోది కాదు. `C014` అంటే ఒక క్లిప్పింగు. దాని ముందువైపు ఫొటో `C014_a.jpg`, వెనకవైపుది `C014_b.jpg`. ‘మిగతా 5వ పేజీలో’ అన్న ముక్క, ఆ అయిదో పేజీ ముక్క రెండూ దొరికితే రెంటికీ ఒకే నంబరు. దొరకకపోతే ‘కొనసాగింపు లేదు’ అని పద్దులోనే రాస్తాను. లేదంటే వార్త సగంలో ఎందుకు ఆగిందో అర్థంకాక, చదివేవాళ్లు ఫొటో సరిగా తీయలేదనుకుంటారు.

వెనకవైపు ఫొటోలు అసలు లేనే లేవు. అన్నింటికీ తీయాలని పట్టుబట్టాను. అంచుకు మాత్రమే జిగురు ఉన్నవాటిని మెల్లగా ఎత్తి పట్టుకుని తీశాం. ఇంకొన్ని పూర్తిగా అంటుకుపోయి ఉన్నాయి. వాటిని లాగితే కాగితం పొరలుగా విడిపోతుంది, అందుకని ముట్టుకోలేదు. నాసిరకం న్యూస్‌ప్రింట్‌లో వెనక అక్షరాలు ముందుకు నీడలా కనిపిస్తాయి కదా, అలాంటి చోట ఫొటోను కంప్యూటర్‌లో అడ్డంగా తిప్పి, అంటే అద్దంలో చూసినట్టు మార్చి, కాంట్రాస్ట్ పెంచితే ఒకటి రెండు పెద్ద అక్షరాల మాటలు బయటపడతాయి. ఆ ఒక్క మాటే చాలాసార్లు పని జరిపిస్తుంది.

ఎలాగో చెప్పడానికి, స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం కూలబోతోందన్న వార్త క్లిప్పింగును తీసుకుంటాను. శీర్షిక ‘స్కైలాబ్ పతనానికి గంటలే గడువు’. కింద ‘వాషింగ్టన్, జులై 10’ అని ఉంది. సంవత్సరం లేదు, పత్రిక పేరూ లేదు. వార్త మధ్యలో ‘రేపు భూవాతావరణంలోకి ప్రవేశించవచ్చు’ అన్న మాట ఉంది. మార్జిన్‌లో నీలం సిరాతో ‘13/7’ అని పెద్దాయన చేతిరాత.

సంవత్సరానికి వెతుకులాట అక్కర్లేదు. స్కైలాబ్ కూలింది 1979 జులై 11న. రోజు సంగతే తేలాలి. ముందువైపు మూడు ఆధారాలున్నాయి, మూడూ మూడు వేర్వేరు విషయాలు చెబుతాయి. ‘వాషింగ్టన్, జులై 10’ అన్నది విలేఖరి ఆ వార్తను పంపిన చోటు, రోజు. పత్రిక అచ్చయిన రోజు కాదది. కేటలాగుల్లో ఎక్కువ పద్దులు చెడిపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం. వార్త మొదట్లో తేదీ అంత స్పష్టంగా కనిపిస్తుంటే దాన్ని తెచ్చి తేదీ గడిలో వేయకుండా ఉండటం కష్టం. వార్త పదో తేదీన బయలుదేరితే మర్నాటి ఉదయం పత్రికలో రావచ్చు, చోటు లేకపోతే ఆ పై రోజూ రావచ్చు. రెండోది ‘రేపు’. దాన్ని పాఠకుడి వైపు నుంచి లెక్క కడితే తప్పుతుంది. వార్త రాసిన తేదీ నుంచి లెక్కించాలి. పదో తేదీ వార్తలో ‘రేపు’ అంటే పదకొండు. ‘నిన్న’, ‘నేడు’, ‘గత సోమవారం’ అన్నింటికీ ఇదే సూత్రం. ఒక్క మెలిక ఏమిటంటే, శీర్షిక పెట్టేది పత్రిక ఆఫీసులో. శీర్షికలోని ‘నేడు’ సాధారణంగా పత్రిక వెలువడే రోజు, వార్తలోని ‘నేడు’ విలేఖరి రాసిన రోజు. ఒకే క్లిప్పింగులో రెండూ కలిసి ఉంటాయి, పోట్లాడుకున్నట్టు కనిపిస్తాయి.

మూడోది చేతిరాత. దీన్ని నమ్మాలా వద్దా అనేది ఊహించి తేల్చేది కాదు. అచ్చు తేదీ, చేతిరాత తేదీ రెండూ ఉన్న క్లిప్పింగులను ఏరి పక్కపక్కన పెట్టాను. ఆయన అలవాటు బయటపడింది. చేతిరాత తేదీ ఏ ఒక్కదాంట్లోనూ అచ్చు తేదీ కంటే ముందు లేదు. కొన్నింటిలో అదే రోజు, ఎక్కువగా ఒకటి రెండు రోజుల తరువాత. అంటే అది ఆయన కత్తిరించిన రోజు. ఈ సేకరణ వరకు ‘13/7’ అంటే ‘అచ్చయింది 13న గానీ అంతకు ముందు గానీ’ అని అర్థం. ఇంకొకరి సేకరణలో అది పత్రిక తేదీయే కావచ్చు. ఎవరి అలవాటును వాళ్ల క్లిప్పింగుల్లోనే తేల్చుకోవాలి.

ఇప్పటికి తేలింది 11, 12, 13లలో ఒకటి. క్లిప్పింగును వెనక్కి తిప్పితే పైన సగం తెగిన సబ్బు ప్రకటన, దాని కింద ‘నేటి రేడియో కార్యక్రమాలు’ అన్న పెట్టె, దాని పక్కనే చిన్న అక్షరాల్లో ‘బుధవారం’. 1979 జులై 11 బుధవారం. అక్కడితో తేలిపోయింది. తెల్లవారి పత్రిక పట్టుకున్న పాఠకుడికి వాషింగ్టన్ వార్త చెప్పే ‘రేపు’ ఆ రోజే అయి కూర్చుంది. శీర్షికలోని ‘గంటలే గడువు’ అందుకే పుట్టింది.

క్లిప్పింగు వెనకవైపు ఎవరూ కావాలని దాచుకోలేదు కాబట్టి అది అబద్ధమాడదు. రేడియో పెట్టె, వాతావరణ సూచన, సినిమా ప్రకటన, లాటరీ ఫలితాలు, ఆటల స్కోర్లు, టెండరు ప్రకటనల చివరి గడువు, ఇవన్నీ తేదీకి సాక్షులే. కాకపోతే అన్నీ ఒకే రకం సాక్షులు కావు. ‘నేటి’ అని ఉన్న రేడియో పెట్టె పత్రిక రోజును సూటిగా చెబుతుంది. వింబుల్డన్ పురుషుల ఫైనల్ ఫలితం ఉంటే ఆ పత్రిక 1979 జులై 7 కంటే ముందుది కాదని మాత్రమే చెబుతుంది. టెండరు గడువు ఆ రోజుకు ముందే అచ్చయిందని చెబుతుంది, ఎంత ముందో చెప్పదు. ఒకటి కింది హద్దు, ఇంకొకటి పై హద్దు. రెండు హద్దులూ దగ్గరకు వచ్చేదాకా వెతకడమే ఈ పని.

అదే పుస్తకంలో ఇంకో స్కైలాబ్ క్లిప్పింగు ఉంది. శకలాలు ఆస్ట్రేలియా వైపు పడ్డాయన్న వార్త. వార్త మొదటి పంక్తి తెగిపోయింది, వెనకవైపు పూర్తిగా అతుక్కుపోయింది. మార్జిన్‌లో అదే ‘13/7’. స్కైలాబ్ కూలిన సమయం యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయం ప్రకారం 16:37. వాషింగ్టన్‌లో అప్పుడు మధ్యాహ్నం, మనకు రాత్రి పది దాటింది. కాబట్టి ఆ వార్త 12వ తేదీ ఉదయానికి ముందు మన పత్రికలో వచ్చే వీలు లేదు. చేతిరాత 13 దాటనివ్వదు. మధ్యలో మిగిలినవి రెండు రోజులు. అంతకు మించి ఈ క్లిప్పింగు చెప్పలేదు. అదే విషయాన్ని పద్దులో రాయాలి.

ఎలా రాయాలన్నది ఇంకో సమస్య. ‘1979 జులై 12 లేదా 13’ అని మాటల్లో రాస్తే మనిషి చదువుతాడు, కంప్యూటర్ దాన్ని వరుసలో పెట్టలేదు. ‘1979-07-12’ అని రాసి ఊరుకుంటే లేని నిశ్చయాన్ని మనం అంటగట్టినట్టు. దీనికోసమే ఈడీటీఎఫ్ అనే రాత పద్ధతి ఉంది. 2019లో దాన్ని ఐఎస్‌వో 8601 తేదీల ప్రమాణం రెండో భాగంలో చేర్చారు. నాకు అందులో అవసరపడ్డవి కొన్నే:

```
1979-07-11                 నిశ్చయం
1979-07-XX                 నెల వరకే తెలుసు
197X                       దశాబ్దం వరకే తెలుసు
1979-07-11?                ఇదే అనుకుంటున్నాం, అనుమానం ఉంది
[1979-07-12,1979-07-13]    వీటిలో ఏదో ఒకటి
```

ఈ గడిని ఎక్సెల్‌లో ముందుగా ‘టెక్స్ట్’ రకంగా మార్చుకోవాలి. మార్చకపోతే అది తేదీని తనకు నచ్చిన రూపంలోకి తిప్పేస్తుంది. క్లిప్పింగు మీద ఉన్నట్టుగా ‘3-4’ అని కొడితే ఒక కంప్యూటర్‌లో ఏప్రిల్ 3, ఇంకో కంప్యూటర్‌లో మార్చి 4 అయి కూర్చుంటుంది. 1900కు ముందు తేదీలను అది అసలు తేదీలుగానే గుర్తించదు.

ఈ రాతకంటే ముఖ్యమైనది దాని పక్కన నేను పెట్టించిన అయిదో గడి. దాని పేరు ‘తేదీ ఆధారం’. అడిగింది నాలుగు గడులే. పని పర్యవేక్షించే లైబ్రేరియన్ గారు మొదట ఒప్పుకోలేదు. “ఎందుకండీ, చదివేవాళ్లకు తేదీ కావాలి గానీ మీరు దాన్ని ఎలా కనిపెట్టారో ఎందుకు?” అన్నారు. పట్టికలోని పాత పద్దు ఒకటి ఆవిడకు చూపించాను. ఒక వరద వార్త పద్దులో ‘వివరాలు’ గడిలో ఎవరో పూర్తి తేదీ రాశారు. క్లిప్పింగు మీద తేదీ ఎక్కడా లేదు. రాసినాయన పేజీ పట్టీ చూసి రాశారా, వార్త మొదట్లోది ఎత్తి రాశారా, జ్ఞాపకం మీద రాశారా? ఏదీ తెలియదు. నమ్మలేం, కొట్టేయలేం. “అయితే నేను చేసే పని కూడా రేపు ఇలాగే అవుతుందండీ” అన్నాను. ఆవిడ కాసేపు పద్దును చూసి, “సరే, కానీ పొట్టిగా రాయండి” అన్నారు. ఆ షరతు మంచిదే అయింది. ‘అచ్చు’, ‘వెనక రేడియో’, ‘చేతిరాత పై హద్దు’, ‘సంఘటన కింది హద్దు’ వంటి చిన్న మాటలతో గడి నిండుతుంది. ఆధారం తప్పని ఎప్పుడైనా తేలితే, దాని మీద నిలబడ్డ పద్దులన్నింటినీ ఒక్కసారిగా ఏరి తీయవచ్చు.

శీర్షిక విషయంలో నియమం సులువు, పాటించడమే కష్టం. అచ్చులో ఎలా ఉంటే అలాగే రాయాలి. పాత పత్రికల్లో అచ్చుతప్పులుంటాయి, ఇప్పుడు మనం రాయని వర్ణక్రమం ఉంటుంది, ఒకే ఊరి పేరు రెండు రకాలుగా ఉంటుంది. చేయి దానంతటదే సరిదిద్దేస్తుంది. శీర్షికలో మాత్రం సరిదిద్దకూడదు. సరైన రూపం సారాంశంలో వస్తే చాలు, వెతికేవాళ్లకు రెండు విధాలుగానూ దొరుకుతుంది. తెగిపోయిన చోట చదరపు బ్రాకెట్లలో మూడు చుక్కలు పెడతాను. అక్షరం సగం కనిపించి, మాట స్పష్టంగా తెలుస్తుంటే దాన్ని అదే బ్రాకెట్లలో పూరిస్తాను. శీర్షికే లేకపోతే నేను ఒకటి రాసి మొత్తాన్ని బ్రాకెట్లలో పెడతాను. బ్రాకెట్ల లోపలిదంతా నాది, బయటిదంతా పత్రికది. పెద్ద శీర్షిక పైన సన్న అక్షరాల్లో ఒక పంక్తి, కింద ఇంకో రెండు ఉపశీర్షికలు ఉంటే ప్రధాన శీర్షికనే తీసుకున్నాను. అయితే ప్రధాన శీర్షిక ఒంటరిగా ‘ఘోర ప్రమాదం’ అని ఊరుకుంటే ఉపశీర్షికను కూడా నిలువు గీత పెట్టి చేర్చాను.

అంశం గురించి పొడుగ్గా చెప్పేదేమీ లేదు. ముందే ఒక జాబితా రాసుకుని, అందులోంచే ఎంచుకోవాలి. అప్పటికప్పుడు తోచింది రాస్తూ పోతే స్కైలాబ్ ఒకచోట ‘అంతరిక్షం’, ఇంకోచోట ‘ఉపగ్రహాలు’, మరోచోట ‘అమెరికా’ కింద చేరుతుంది. వార్తా సంస్థల కోసం ఐపీటీసీ అనే అంతర్జాతీయ సంస్థ తయారుచేసిన అంశాల పట్టికలో పై వరుసలో ఉన్నవి 17 మాత్రమే. నేను దాన్నే నమూనాగా తీసుకుని, ఈ సేకరణలో ఎక్కువగా ఉన్న రెండు మూడు విభాగాలను కొంచెం చీల్చాను. ఒక క్లిప్పింగుకు ఒక అంశం, తప్పనిసరైతే రెండు. మూడోది రాయాలనిపించిందంటే జాబితాలో ఏదో లోపం ఉన్నట్టే.

సారాంశంలో మాత్రం మెలకువ కావాలి. శీర్షికను కాస్త సాగదీసి రాస్తే అది సారాంశం కాదు. శీర్షిక చెప్పనిది చెప్పాలి. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఆ రోజుకు ఎంతవరకు వచ్చింది? వార్తలో ‘ప్రధాని’, ‘మంత్రి’, ‘కలెక్టర్’ అని హోదా మాత్రమే ఉంటే, తేదీ నిశ్చయంగా తెలిసినప్పుడు వాళ్ల పేరు బ్రాకెట్లలో చేర్చవచ్చు. తేదీ తేలకపోతే చేర్చకూడదు. ఒక వారం తేడాలో కుర్చీలో మనిషి మారిపోతాడు. స్కైలాబ్ కూలిన నాలుగు రోజులకే, జులై 15న మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. ‘1979-07-XX’ అని ఉన్న పద్దులో ప్రధాని పేరు చేర్చడం ప్రమాదమే.

అన్నింటికంటే ఎక్కువగా జాగ్రత్త పడాల్సింది, తరువాత ఏమైందో మనకు తెలిసి ఉండటం. స్కైలాబ్ ఎక్కడ పడిందో నాకు తెలుసు. జులై 11 పత్రికకు తెలియదు. సారాంశం క్లిప్పింగుది కాబట్టి అందులో క్లిప్పింగుకు తెలిసిందే ఉండాలి. ‘ఆస్ట్రేలియాలో కూలిన స్కైలాబ్ గురించి’ అని రాస్తే ఆ రోజున జనంలో ఉన్న భయమంతా పద్దులోంచి ఎగిరిపోతుంది. పైగా శకలాల వార్త కోసం వెతికేవాళ్లు ఈ క్లిప్పింగు తెరిచి ఉత్తచేతులతో వెనక్కి వెళతారు. అందుకే సారాంశంలో క్రియలు ‘వెల్లడించారు’, ‘అంచనా వేశారు’, ‘ఆరోపించారు’ వంటివే ఉంటాయి. ఆరోపణను జరిగిన సంగతిగా రాయను. పాత వార్తల్లో కులాన్నో, వైకల్యాన్నో కించపరిచే మాటలు శీర్షికలోనే ఉంటాయి. వాటిని శీర్షికలో యథాతథంగా ఉంచి, సారాంశంలో ఈనాటి మర్యాద గల మాట వాడాను. ఆ విధంగా పత్రిక ఏం రాసిందో చెరిపేయనక్కర్లేదు, మనం దాన్ని మళ్లీ అననక్కర్లేదు.

చివరకు ఆ క్లిప్పింగు పద్దు ఇలా తయారైంది:

```
నంబరు:       C014
తేదీ:         1979-07-11
తేదీ ఆధారం:   వెనక రేడియో పెట్టెలో ‘బుధవారం’;
             వార్త జులై 10; చేతిరాత 13/7
శీర్షిక:       స్కైలాబ్ పతనానికి గంటలే గడువు
అంశం:        విజ్ఞానం, సాంకేతికం
సారాంశం:     స్కైలాబ్ జులై 11న భూవాతావరణంలోకి
             ప్రవేశించవచ్చని, శకలాలు పడే చోటు ముందుగా
             చెప్పలేమని అమెరికా అధికారులు వెల్లడించారు.
```

సారాంశంలో ‘రేపు’ పోయి ‘జులై 11న’ వచ్చింది. తేదీ గడి నిశ్చయమైనప్పుడే అలా మార్చాను. మిగిలినచోట్ల ‘మర్నాడు’ అని వదిలేశాను.

పట్టికను అప్పగించేటప్పుడు ఫైలును సీఎస్‌వీ యూటీఎఫ్-8 రూపంలో సేవ్ చేయాలి. మామూలు సీఎస్‌వీగా చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. చేసిన వెంటనే దాన్ని మూసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మొదటి పద్దూ చివరి పద్దూ తెలుగులోనే ఉన్నాయో లేదో చూసుకోవడం నా అలవాటు.

ఇంకా తేలనివి కొన్ని మిగిలాయి. వాటిలో ఒక క్లిప్పింగు నన్ను బాగా ఊరించింది. ఒక వంతెన ప్రారంభోత్సవం ఫొటో, పైన పేజీ పట్టీ ముక్క. ‘మంగళవారం, మార్చి 14’ వరకు ఉంది. సంవత్సరం దగ్గర కత్తెర పడింది. ముందూ వెనకా అదే పుస్తకంలో ఉన్న క్లిప్పింగులు 1965 నుంచి 1980 వరకు వచ్చినవి. ఆ మధ్యలో మార్చి 14 మంగళవారం అయినవి 1967, 1972, 1978 మాత్రమే. వెనకవైపు సగం ప్రకటన ఉంది గానీ అది ఏ సంవత్సరంలోనైనా ఇమిడిపోతుంది. పద్దులో `[1967-03-14,1972-03-14,1978-03-14]` అని రాసి, ఆధారం గడిలో ‘అచ్చు వారం, తేదీ, సంవత్సరం తెగింది’ అని పెట్టాను. అక్షరాల పోతను బట్టి ఇది ఫలానా పత్రిక అయి ఉంటుందని లైబ్రేరియన్ గారి అనుమానం. ఆ పత్రిక పాత సంచికలు ఉన్న గ్రంథాలయానికి ఆవిడ ఉత్తరం రాశారు. పదిహేనేళ్ల ఫైళ్లు వెతకమని అడిగితే ఎవరూ జవాబివ్వరు. ఆవిడ అడిగింది మూడు రోజుల సంచికలు.